మార్చి, ఏప్రిల్‌లో నగదు లోటు: కొత్త ఆర్డరు తీసుకోవాలా? (గుంటూరు కారం మిల్లు)

ఏటుకూరు రోడ్డు

అందరికీ నమస్కారం. గుంటూరులో మాకు చిన్న కారం మిల్లు ఉంది. నాన్నగారు మొదలుపెట్టారు, నాలుగేళ్లుగా లెక్కలు నేను చూస్తున్నాను. కిలో కారం సగటున 200కి అమ్ముతాం. అందులో మిర్చికి 150 పోతుంది. తరుగు, యార్డు ఖర్చులు అన్నీ ఆ 150లోనే ఉన్నాయి. తొడిమలు తీసే కూలి, కరెంటు, ప్యాకింగు, లారీ కిరాయి కలిపి 22. ఇవిపోగా జీతాలు, అద్దె లాంటివి నెలకు లక్షా అరవై వేలు. మిషను లోను కిస్తీ అరవై వేలు. బ్యాంకులో సీసీ లిమిట్, అంటే కావలసినప్పుడు తీసుకుని తిరిగి కట్టే అప్పుకు హద్దు, 40 లక్షలు.

ఏటా ఆవకాయ సీజన్‌లోనే మా అమ్మకాలు ఎక్కువ. ఏటా అదే సీజన్‌లో జీతాలకు డబ్బు సర్దుకోలేక తిప్పలు పడుతున్నాం. పుస్తకాల్లో చూస్తే ఆ నెలల్లోనే లాభం ఎక్కువ కనబడుతుంది. ఇప్పుడు హైదరాబాద్ డిస్ట్రిబ్యూటరు ఒకాయన మార్చి నుంచి నెలకు అదనంగా 5 టన్నులు కావాలంటున్నాడు. రేటు అదే 200, కానీ 60 రోజుల అరువు. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ వేసి చూస్తే నెలకు లక్షా నలభై వేలు అదనపు లాభం వస్తోంది. తీసుకోమంటారా? క్యాష్ బడ్జెట్ కూడా వేయమని మా ఆడిటరు గారన్నారు. అది ఎలా మొదలుపెట్టాలో చెప్పగలరా?

బెజవాడ రాజా

ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నా. నెలకు లక్షా నలభై వేలు ఊరికే వస్తుంటే వదులుకుంటారా? మీ జీతాలు, అద్దె ఎలాగూ మారవు. కిలోకు 28 మిగులుతోంది, 5 టన్నులంటే లక్షా నలభై. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ ఉన్నదే ఇందుకు. అమ్మకం పెరిగితే ఖర్చు ఎంత పెరుగుతుందో, లాభం ఎంతో అదే చెప్పేస్తుంది. క్యాష్ బడ్జెట్ అంటే అదే లెక్కను నెలనెలా రాసుకోవడం, అంతే. ఆర్డరు పట్టుకోండి.

బ్రాడీపేట సుజాత

రాజా గారూ, కిలోకు 28 మిగలడం వరకు మీ లెక్క సరిగానే ఉంది. ఆ తరువాతి మాటే కుదరదు. సరుకు అమ్మిన రోజే లాభం వచ్చేసిందని ఫ్లెక్సిబుల్ బడ్జెట్ రాసుకుంటుంది. ఆ సరుకు కోసం మిర్చి ఎప్పుడు కొన్నారు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అన్నది దానికి పట్టదు. క్యాష్ బడ్జెట్‌కు పట్టేది ఆ తేదీలే. ఒకటి ఇంకొకదాని పని చేయలేదు.

నేను స్పిన్నింగ్ మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా కాస్టింగ్ చూశాను. పత్తి కూడా మిర్చి లాంటిదే, సీజన్‌లో కొని ఏడాది పొడుగునా వాడుకునే సరుకు. ఏటుకూరు రోడ్డు గారూ, ముందు కొత్త ఆర్డరు సంగతి పక్కన పెట్టండి. జనవరి నుంచి జూన్ దాకా మీ మామూలు వ్యాపారానికి నగదు లెక్క వేద్దాం. నాకు మూడు సంగతులు కావాలి. నెలవారీ అమ్మకాల అంచనా, అరువు డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది, మిర్చి ఏ నెలలో ఎంతకు కొంటారు. మిషను తరుగుదల ఇందులో వేయకండి, అది లాభనష్టాల లెక్కకే. డబ్బాలోంచి పైసా బయటికి పోదు.

ఏటుకూరు రోడ్డు

చాలా థాంక్సండీ. అమ్మకాలు లక్షల్లో రాస్తున్నాను. నవంబరు, డిసెంబరు, జనవరి నెలకు 16, ఫిబ్రవరి 18, మార్చి 22, ఏప్రిల్ 28, మే 26, జూన్ 16. అమ్మిన నెలలో పావు వంతు వస్తుంది, మరుసటి నెలలో సగం, మిగతా పావు ఆ పై నెలలో. ఇది మా వసూళ్ల పుస్తకం చూసి రాసిందే, కాస్త అటూ ఇటూ.

మిర్చి కొనుగోలు జనవరిలో 8, ఫిబ్రవరిలో 22, మార్చిలో 36, ఏప్రిల్‌లో 30, మేలో 6. యార్డుకు వేసవి సెలవులిచ్చే లోపు కొనేసి కోల్డ్ స్టోరేజీలో పెడతాం. జూన్‌లో కొనం. మార్చిలో అడ్వాన్స్ టాక్స్ ఒక లక్ష. జనవరి ఒకటికి చేతిలో 5 లక్షలుంటాయి, సీసీ వాడకం ఏమీ ఉండదు.

ఆటోనగర్ బాడీ బిల్డర్

మాది బెజవాడ ఆటోనగర్, లారీ బాడీలు కడతాం. అన్నా, మీ బాధ నాకు తెలుసు. నా సలహా ఒకటే, ఓవర్‌డ్రాఫ్ట్ పెంచుకోండి. మాకు గిరాకీ తగ్గిన నెలల్లో అలాగే నెట్టుకొస్తాం. గిరాకీ లేనప్పుడు కూలీలను నిలబెట్టుకోవడమే కదా మన అందరికీ ఇబ్బంది.

బ్రాడీపేట సుజాత

అన్నయ్య గారూ, వీరిది మీకు ఎదురు సమస్య. వీరికి లోటు వచ్చేది గిరాకీ ఎక్కువగా ఉన్న నెలల్లో. మీకు పార్టీ అడ్వాన్సు ఇస్తుంది కాబట్టి పని ఎక్కువుంటే డబ్బు కూడా ముందే వస్తుంది. వీరేమో మిర్చికి ముందు డబ్బు పెట్టి, కారం అమ్మాక ఎదురుచూడాలి.

ఇదిగో లెక్క. అన్నీ లక్షల్లో. చెల్లింపుల్లో మిర్చి, కిలోకు 22 చొప్పున కూలీ ప్యాకింగు, స్థిర ఖర్చు, కిస్తీ ఉన్నాయి. మార్చిలో టాక్స్ కూడా. జీఎస్టీ, సీసీ వడ్డీ ప్రస్తుతానికి వదిలేశాను.

| నెల | అమ్మకం | వసూలు | చెల్లింపు | తేడా | నెలాఖరు |
|---|---|---|---|---|---|
| జనవరి | 16 | 16.0 | 12.0 | +4.0 | 9.0 |
| ఫిబ్రవరి | 18 | 16.5 | 26.2 | −9.7 | −0.7 |
| మార్చి | 22 | 18.5 | 41.6 | −23.1 | −23.8 |
| ఏప్రిల్ | 28 | 22.5 | 35.3 | −12.8 | −36.6 |
| మే | 26 | 26.0 | 11.1 | +14.9 | −21.7 |
| జూన్ | 16 | 24.0 | 4.0 | +20.0 | −1.7 |

ఏప్రిల్ వరస చూడండి. 28 లక్షల అమ్మకం, అంటే 14 టన్నులు. కిలోకు 28 చొప్పున 3.92 లక్షలు, అందులోంచి స్థిర ఖర్చు తీసేస్తే 2.3 లక్షల మిగులు. ఆరు నెలల్లో అన్నిటికంటే ఎక్కువ లాభం ఆ నెలదే. అన్నిటికంటే లోతు గొయ్యి కూడా ఆ నెలదే. జూన్‌లో అమ్మకం దాదాపు సగానికి పడిపోయినా చేతిలోకి 20 లక్షలు వచ్చి పడుతున్నాయి. మీ తిప్పలకు కారణం నష్టం కాదు, ఏడాది మిర్చిని మూడు నెలల్లో కొనడం.

ఇప్పుడు కొత్త ఆర్డరు కలపండి. 5 టన్నులకు నెలకు బయటికి పోయేది 8.6 లక్షలు. మార్చిలో పంపిన సరుకు డబ్బు మేలో వస్తుంది. అంటే మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ పోయేదే గాని వచ్చేది లేదు. ఏప్రిల్ చివరికి అదనంగా 17.2 లక్షల గొయ్యి. మీ 36.6కి అది కలిస్తే 53.8. మీ లిమిట్ 40.

బెజవాడ రాజా

సుజాత గారూ, అర్థమైంది. కానీ మే నుంచి నెలకు 10 లక్షలు వస్తాయి కదా. రెండు నెలలు ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుంటే సరిపోతుంది.

బ్రాడీపేట సుజాత

మే నుంచి 10 వస్తుంది, కానీ ఆ నెల సరుకుకు మళ్లీ 8.6 పోతుంది. చేతిలో మిగిలేది 1.4. అంటే మొదట దిగిన 17.2 లక్షలు పూడడానికి పదమూడు వసూళ్లు కావాలి. మొదటిది మేలో వస్తే పదమూడోది వచ్చే ఏడాది మేలో. రెండు నెలలకని తెచ్చిన చేబదులు ఏడాదిపైన ఇరుక్కుపోతుంది, దానికి నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు 34 వేలు. అదనపు లాభంలో నాలుగో వంతు అక్కడే పోతుంది.

ఆర్డరు చెడ్డదని నేననడం లేదు. మార్చిలో మొదలవడమే దాని లోపం. సీజన్ గొయ్యి మీదే దాని గొయ్యి కూడా పడుతోంది.

కొత్తపేట పాత బ్యాంకరు

నేను బ్యాంకులో చిన్న పరిశ్రమలకిచ్చే ఎమ్మెస్‌ఎమ్‌ఈ లోన్లు చూసి రిటైరయ్యాను. సుజాతమ్మ లెక్కలో ఒక సంగతి చేర్చాలి. 40 లక్షల లిమిట్ అంటే 40 లక్షలు తీసుకోవచ్చని కాదు. మీరిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ మీద డ్రాయింగ్ పవర్, అంటే నిజంగా ఎంత తీసుకోవచ్చో కడతారు. సరుకు మీద సాధారణంగా 25 శాతం మార్జిన్ తీసేస్తారు. బాకీల మీద మార్జిన్ ఒక్కో బ్యాంకుకు ఒక్కో తీరు, 40 శాతం అనుకుందాం. 90 రోజులు దాటిన బాకీలను మామూలుగా లెక్కలోకి తీసుకోరు.

ఏటుకూరు రోడ్డు గారి దగ్గర జనవరి మొదట్లో 12 లక్షల సరుకుందనుకుంటే, వారి అంకెల ప్రకారం ఫిబ్రవరి చివరికి సరుకు 16.5 లక్షలు, రావలసిన బాకీలు 17.5 లక్షలు. మార్జిన్లు పోను 12.4, 10.5. మొత్తం 22.9. మార్చి నెలంతా మీకు దొరికేది ఈ 22.9 మాత్రమే, ఎందుకంటే బ్యాంకు దగ్గరున్నది ఫిబ్రవరి చివరి స్టేట్‌మెంట్. మార్చి చివరికి మీకు కావలసింది 23.8. లిమిట్‌లో 16 లక్షలు ఖాళీ కనిపిస్తూనే, మార్చి ఆఖరి వారంలో చెక్కు వెనక్కి వస్తుంది.

ఏప్రిల్‌లో ఆ ఇబ్బంది ఉండదు. మార్చిలో కొన్న మిర్చి అంతా స్టేట్‌మెంట్‌లోకి ఎక్కుతుంది కాబట్టి పవర్ 39.6కి పెరుగుతుంది. ఏడాదేడాది మీకు జీతాలకు ఇబ్బంది అయ్యేది మార్చి చివర, ఏప్రిల్ మొదట్లోనేనా? అయితే కారణం ఇదే అయి ఉంటుంది.

ఏటుకూరు రోడ్డు

సార్, సరిగ్గా అదేనండి. మార్చి నెలాఖరు, ఏప్రిల్ మొదటి వారం. లిమిట్ ఉంది కదా ఎందుకు తీయనివ్వరని మేనేజరుతో వాదన కూడా అయింది. జనవరి సరుకు విషయంలో మీ అంచనా దగ్గరగానే ఉంది. దీనికి దారేమిటి సార్?

కొత్తపేట పాత బ్యాంకరు

రెండు దారులున్నాయి బాబూ. సీజన్ నెలల్లో స్టాక్ స్టేట్‌మెంట్ నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి ఇస్తామని ముందే రాసివ్వండి. మార్చి 15 నాటి సరుకు చూపిస్తే పవర్ అప్పుడే పెరుగుతుంది. మేనేజరు ఒప్పుకుంటే ఖర్చులేని పని.

రెండోది, కోల్డ్ స్టోరేజీ రసీదు మీద విడిగా లోను. గుంటూరులో చాలామంది చేసేదే. కానీ ఆ రసీదు కుదువ పెట్టిన సరుకును మళ్లీ సీసీ స్టేట్‌మెంట్‌లో చూపించకూడదు. ఒకే సరుకు మీద రెండు అప్పులు చూపిస్తే తనిఖీలో దొరుకుతారు, ఖాతా చెడిపోతుంది. కాబట్టి రసీదు లోను తీసుకుంటే మీ సీసీ పవర్ ఆ మేరకు తగ్గుతుందని క్యాష్ బడ్జెట్‌లోనే రాసుకోండి.

యార్డు కుర్రాడు

నేను మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్లో ఉంటాను. లెక్కలన్నీ కొన్న నెలలోనే డబ్బు కట్టినట్టు వేశారు. తెలిసిన పార్టీ అయితే మా కొట్లో పదిహేను రోజులు ఆగుతాం. నెల రెండో సగంలో కొన్నదానికి డబ్బు వచ్చే నెలలో కదా ఇచ్చేది. ఏప్రిల్ చివరికి 15 లక్షలు ఇంకా కట్టకుండా మిగులుతాయి. అప్పుడు మైనస్ 36.6 కాదు, 21.6. గొడవే లేదు కదన్నా.

కొత్తపేట పాత బ్యాంకరు

తమ్ముడూ, మంచి పాయింటే. కానీ మీకు కట్టవలసిన బాకీని బ్యాంకు సరుకులోంచి తీసేస్తుంది. డబ్బు కట్టని మిర్చి మీద అప్పు ఇవ్వరు. మార్చి చివరికి సరుకు 36, అందులో 18 మీ కొట్టు బాకీ అయితే, బ్యాంకు లెక్కలో సరుకు 18 మాత్రమే. ఏప్రిల్ పవర్ 39.6 నుంచి 26.1కి దిగిపోతుంది. కావలసింది 15 తగ్గింది, దొరికేది 13.5 తగ్గింది. ఏప్రిల్‌లో దీనివల్ల అదనంగా మిగిలే ఊరట లక్షన్నర.

మార్చిలో మాత్రం మీ పదిహేను రోజుల వాయిదా నిజంగా ఆదుకుంటుంది. ఎందుకంటే మార్చిలో పడే బాకీ ఎక్కువ, ఫిబ్రవరి స్టేట్‌మెంట్‌లో కోసేది తక్కువ.

యార్డు కుర్రాడు

ఇది నాకు తెలియదు సార్. మా పార్టీలు చాలామంది అరువు పెరిగితే బ్యాంకులో కూడా చోటు పెరుగుతుందనే అనుకుంటారు.

ఇంకో మాట. మీరంతా మిర్చి 150 దగ్గరే ఆగిందని లెక్కేస్తున్నారు. తేజ రకం మిర్చి రేటు ఒక్క వారంలో క్వింటాకు వెయ్యి అటూ ఇటూ అవడం మేం చూస్తూనే ఉంటాం. రేటు పెరిగితే ఏం చేస్తారు?

బ్రాడీపేట సుజాత

ఇదే అడగాల్సిన ప్రశ్న. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటే టన్నులు మార్చి చూడడమే అని చాలామంది ఆగిపోతారు. మీ మిల్లులో టన్నుల కంటే రేటు ఎక్కువ ఊగుతుంది. దాన్నీ మార్చి చూడాలి.

ఫిబ్రవరి నుంచి మిర్చి పది శాతం పెరిగిందనుకోండి. కొనుగోళ్ల మీద ఫిబ్రవరిలో 2.2, మార్చిలో 3.6, ఏప్రిల్‌లో 3 లక్షలు అదనం. మొత్తం 8.8. ఏప్రిల్ చివరి లోటు 36.6 నుంచి 45.4 అవుతుంది. కొత్త ఆర్డరు లేకుండానే లిమిట్ దాటింది. కారం రేటు మీరు వెంటనే పెంచినా, ఆ పెంపు డబ్బులో ముప్పాతిక భాగం తరువాతి నెలల్లోనే చేతికొస్తుంది. అదే పది శాతం తగ్గితే 27.8తో బయటపడతారు. కాబట్టి మీ దగ్గర ఒక క్యాష్ బడ్జెట్ కాదు, కనీసం మూడుండాలి. ఫిబ్రవరి రేటు చూశాక ఏది నిజమవుతోందో తెలుస్తుంది, అప్పుడు మార్చి కొనుగోలు ఎంతకు ఆపాలో నిర్ణయించుకోవచ్చు.

ఇక టన్నుల సంగతి. కొత్త ఆర్డరుతో ఏప్రిల్‌లో 19 టన్నులు ఆడించాలి. మీ మిషను ఒక్క షిఫ్టులో ఎంత ఆడుతుంది?

ఏటుకూరు రోడ్డు

నెలకు 16 టన్నులండి. అది దాటితే రాత్రి షిఫ్టు నడపాలి. ఒక ఆపరేటరు, ఇద్దరు మనుషులు, వాచ్‌మన్. సుమారు 40 వేలు అవుతుంది. ఇంకో సమస్య, ఏప్రిల్ ఎండల్లో తొడిమలు తీసే ఆడవాళ్లు దొరకరు, కిలోకు కూలి పెంచాల్సిందే. పోయిన ఏప్రిల్‌లో నాన్నగారు ఆ ఖర్చు చూసి కోప్పడ్డారు. 10 టన్నులకు 2.2 లక్షలని రాసుకున్నాం, ఖర్చయింది 3.4.

బ్రాడీపేట సుజాత

నాన్నగారికి ఇలా చూపించండి. పోయిన ఏప్రిల్‌లో ఆడించింది 14 టన్నులే కదా? 14 టన్నులకు 22 చొప్పున 3.08 లక్షలు ఎలాగూ కావాలి. పది టన్నుల అంకెతో పోలిస్తే లక్షా ఇరవై వేలు ఎక్కువ ఖర్చుపెట్టినట్టు కనబడుతుంది. ఆడించిన టన్నులతో పోలిస్తే ఎక్కువైంది 32 వేలే. ఆ 32 వేలు ఎక్కడ పోయాయన్నది వెతకాలి. మీరు చెప్పినదాన్ని బట్టి చాలావరకు కూలి రేటు పెరగడమే. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ ఎక్కువగా ఉపయోగపడేది ఇలాంటి చోటే.

రాజా గారన్న ‘స్థిర ఖర్చు ఎలాగూ మారదు’ 16 టన్నుల దాకానే నిజం. 17వ టన్ను దగ్గర ఒక్కసారిగా 40 వేలు పైకి లేస్తుంది. పైగా కూలి పెంపు ఆ 5 టన్నులకే కాదు, మొత్తం 19కీ వర్తిస్తుంది. కిలోకు ఒక రూపాయి పెరిగినా 19 వేలు. అంటే ఏప్రిల్‌లో ఆ ఆర్డరు మీద మిగిలేది 1.4 కాదు, 80 వేల దగ్గర.

బెజవాడ రాజా

ఆ మెట్టు సంగతి నా దృష్టికి రాలేదండి, ఒప్పుకుంటాను. అయితే అరువు 60 కాకుండా 30 రోజులు అడిగితే?

బ్రాడీపేట సుజాత

30 రోజులైతే మార్చి సరుకు డబ్బు ఏప్రిల్‌లో వస్తుంది. ఏప్రిల్ చివరికి అదనపు గొయ్యి 17.2 బదులు 7.2. మొత్తం 43.8. ఇంకా 3.8 లక్షలు దాటుతోంది. దగ్గరికి వచ్చింది గాని సరిపోలేదు.

గుంటూరు టాక్స్ ప్రాక్టీషనర్

జీఎస్టీ వదిలేశారు కాబట్టి నేను చెప్తాను. కారం మీద 5 శాతం. ఇన్వాయిసు వేసిన నెల పన్ను మరుసటి నెల 20లోపు కట్టాలి, పార్టీ డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. కొనుగోలు మీద కట్టింది తీసేసినా, 60 రోజుల అరువు అంటే ఆ పన్నును మీరు జేబులోంచి ముందుపెట్టడమే. ఈ 5 టన్నుల మీద లక్ష దాకా అదనపు గొయ్యి రాసుకోండి.

ఇంకొకటి. చిన్న పరిశ్రమగా మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే 60 రోజుల అరువు అసలు చట్టం ఒప్పుకోదు. ఎమ్మెస్‌ఎమ్‌ఈడీ చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులే గరిష్ఠం, ఒప్పందం లేకపోతే 15. ఆ గడువులోపు కట్టకపోతే, కట్టిన ఏడాదిలో గాని కొన్నవారికి ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది అమల్లో ఉంది.

ఏటుకూరు రోడ్డు

ఉద్యమ్ ఉందండి, మైక్రోలో. కానీ ఆ మాటెత్తితే ఆయన వేరే మిల్లు చూసుకుంటాడేమోనని భయం.

యార్డు కుర్రాడు

అది నిజమే అన్నా. ఇక్కడ కారం మిల్లులకు కొదవ లేదు. చట్టం చెప్తే సరుకే తీసుకోరు.

గుంటూరు టాక్స్ ప్రాక్టీషనర్

చట్టం చెప్పి బెదిరించమనడం లేదు. గడువు దాటిన బాకీని మార్చి 31 నాటికి కట్టకుండా ఉంచుకుంటే ఆయనకే పన్ను భారం అని ఆయన ఆడిటరుకు కూడా తెలుసు. 45 రోజులకు మాట్లాడుకోవడానికి అది చాలు.

కొత్తపేట పాత బ్యాంకరు

ఇంకొక జాగ్రత్త. నెలాఖరు అంకె చూసి ధైర్యపడకండి. ఏప్రిల్ చివరికి 36.6 అంటే, నెల మధ్యలో అంతకంటే లోతుగా వెళ్లి ఉండవచ్చు. జీతాలు మొదటి వారంలో, పీఎఫ్ ఈఎస్ఐ 15లోపు, జీఎస్టీ 20లోపు పోతాయి. షాపుల వసూళ్లేమో ఎక్కువగా 25 దాటాకే వస్తాయి. మార్చి, ఏప్రిల్ రెండు నెలలకు వారంవారీగా రాసుకోండి. మిగతా నెలలకు నెలవారీ చాలు.

బ్రాడీపేట సుజాత

అవునండీ. 39.6 పవర్‌లో 36.6 పోను మూడు లక్షల ఊరట మీద నడిచే ఏప్రిల్‌కు వారం లెక్క తప్పదు.

ఏటుకూరు రోడ్డు గారూ, నేనైతే ఆర్డరు జూన్ నుంచి మొదలుపెట్టమని ఆయన్ను అడుగుతాను. జూన్‌లో మీ 8 టన్నులకు ఆయన 5 కలిస్తే 13, రాత్రి షిఫ్టు అక్కర్లేదు. జూన్ చివరికి మైనస్ 10.3. జూలైలో మే, జూన్ అమ్మకాల డబ్బు వచ్చి పడుతుంది. జూలైలో కూడా 16 లక్షల అమ్మకమే వేసి, మీ మామూలు పనికి మిర్చి కొనరనుకుని చూశాను. రెండు నెలల ఆర్డరు ఖర్చు పోయాక కూడా జూలై చివరికి 4.4 లక్షల మైనస్సే. సీసీలో మీకు కావలసినంత చోటుంటుంది.

యార్డు కుర్రాడు

సుజాత గారూ, ఒక సందేహం. జూన్ నుంచి ఆ 5 టన్నులకు మిర్చి కోల్డ్ స్టోరేజీ సరుకే కొనాలి. సీజన్ రేటుకు దొరకదు, అద్దె, వడ్డీ కలిపి అడుగుతారు. కిలో కారానికి 150 బదులు 165 పడితే 28లో సగానికి పైగా పోతుంది. ఒక్కో ఏడాది రేటు పడిపోయి చవగ్గా దొరికినా దొరుకుతుంది, అది చెప్పలేం. ఇప్పుడే ముందుగా కొని పెడితే మళ్లీ మార్చి గొయ్యే కదా.

బ్రాడీపేట సుజాత

సరిగ్గా పట్టుకున్నావు తమ్ముడూ. దానికి నా దగ్గర ఖాయమైన జవాబు లేదు. ఆ సరుకు వరకు రసీదు లోను మీద మార్చిలో కొంటే వడ్డీ, అద్దె ఎంత పడుతుందో, జూన్‌లో కొంటే ఎంత పడొచ్చో పక్కపక్కన వేసి చూడాలి. ఆరు నెలల సరుకు నిల్వ చేసుకునే కంటే రెండు నెలలకే పరిమితం చేసుకోవడం నాకు మంచిదనిపిస్తోంది. కానీ యార్డులో రోజూ ఉండేవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు.

కొత్తపేట పాత బ్యాంకరు

నేను దీనికి ఒప్పుకోను సుజాతమ్మా. రేటు ఊహించి సరుకు పెట్టుకోవడం మిల్లు పని కాదు. అమ్మకపు రేటే మిర్చి రేటుతో పాటు మారేలా డిస్ట్రిబ్యూటరుతో రాసుకుంటే ఆ భయమే ఉండదు.

ఏటుకూరు రోడ్డు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఈ మధ్యాహ్నం ఆయనతో మాట్లాడాను. 45 రోజులకు ఒప్పుకున్నాడు, కానీ ఆవకాయ సీజన్‌కు సరుకు కావాలి, జూన్ దాకా ఆగలేనన్నాడు. మధ్యేమార్గంగా మార్చి, ఏప్రిల్‌లలో 2 టన్నుల చొప్పున, జూన్ నుంచి 5 అని చెప్పాను. మిర్చి రేటును బట్టి నెలనెలా కారం రేటు అనే షరతు విని ఆలోచించుకుని చెప్తానన్నాడు.

2 టన్నులకు లెక్క వేశాను. నెలకు 3.44 లక్షలు, ఏప్రిల్ చివరికి 6.88. మార్చి సగంలో పంపినదానికి 45 రోజులంటే ఏప్రిల్ ఆఖరి రోజుల్లో గాని రాదు, కాస్త ఆలస్యమైనా మేలోకి పోతుంది కాబట్టి ఏప్రిల్‌లో వసూలు ఏమీ వేయలేదు. 36.6కి కలిపితే 43.5 అవుతోంది. మూడున్నర లక్షలు దాటుతోంది. ఏప్రిల్ మిర్చి కొనుగోలు 30 నుంచి 26కి తగ్గిస్తే సరిపోతుందా, లేక అక్టోబరుకల్లా సరుకు అయిపోయి ఇబ్బంది పడతామా? టన్నులవారీగా సరుకు పట్టిక రేపు పెడతాను, ఒక్కసారి చూడగలరా సుజాత గారూ?

బ్రాడీపేట సుజాత

పెట్టండి. ఏప్రిల్‌లో మొత్తం 16 టన్నులే కాబట్టి రాత్రి షిఫ్టు గండం తప్పింది, అది మంచిదే. కొనుగోలు తగ్గించే ముందు మార్చి నెల కూడా చూడండి. పాత బ్యాంకరు గారు చెప్పిన 22.9 పవర్‌తో పోలిస్తే మార్చి చివరికి మీకు కావలసింది ఇప్పుడు 27 దాటింది. పదిహేను రోజుల స్టేట్‌మెంట్ గురించి బ్యాంకులో అడిగి, వారేమన్నారో పట్టికతో పాటే రాయండి.